తెల్లకాగితం మీద వీలునామా, రిజిస్టర్ చేసిన వీలునామా: ఇంటికి ఏది మేలు?

మా పెద్దమ్మకు తెనాలిలో 200 చదరపు గజాల స్థలంలో డాబా ఇల్లు ఉంది. టీచరుగా పనిచేస్తూ దాచుకున్న డబ్బుతో 1989లో తన పేరు మీదే కొన్నది. పెద్దనాన్న పోయిన తర్వాత ఆమెను కనిపెట్టుకుని ఉన్నది కూతురే. ఇద్దరు కొడుకులకు చదువులకనీ వ్యాపారానికనీ ఇవ్వవలసింది అప్పట్లోనే ఇచ్చేసింది. 2019లో ఒకరోజు నన్ను పిలిపించి, ‘‘ఇల్లు అమ్మాయికి రాద్దామనుకుంటున్నాను. కాగితం మీద రాసి బీరువాలో పెడితే చాలని కొందరంటున్నారు, రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లకపోతే చెల్లదని కొందరంటున్నారు. ఏది నిజం?’’ అని అడిగింది.

చట్టం ప్రకారం మొదటి మాటే నిజం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 18వ సెక్షన్ వీలునామాను తప్పనిసరిగా రిజిస్టర్ చేయవలసిన పత్రాల్లో కాక, ఇష్టమైతే చేసుకోదగ్గ పత్రాల్లో చేర్చింది. స్టాంపు కాగితం అక్కరలేదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా పెద్దమ్మతో నేను రిజిస్ట్రేషనే చేయించాను. ఎందుకో చెప్పాలంటే, అసలు వీలునామాకు ప్రాణం ఎక్కడుందో ముందు చూడాలి. అది సబ్ రిజిస్ట్రార్ ముద్రలో లేదు. ఇద్దరు సాక్షుల్లో ఉంది.

అంతకంటే ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోవాలి: ఇల్లు ఎవరిది? ఎంతోమంది తల్లులు ఇక్కడే పొరబడతారు. ఇల్లు భర్త పేరు మీద ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ కుటుంబంలో అది మొత్తంగా భార్యది కాదు. భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలు వస్తాయి. పెద్దమ్మ ఇల్లు పెద్దనాన్న స్వార్జితంగా ఆయన పేరు మీదే ఉండి ఉంటే ఆమెకు దక్కేది నాలుగింట ఒక వంతు. వీలునామాలో ‘ఇల్లంతా నా కూతురికి’ అని రాసినా చెల్లేది ఆ ఒక్క వంతుకే. అందుకని మేము మొదట చేసిన పని 1989 నాటి విక్రయ దస్తావేజు తీసి, అందులో ఆమె పేరు ఒక్కటే ఉందని చూసుకోవడం.

ఇక సాక్షులు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది కొంచెమే, కానీ ఆ కొంచెం కచ్చితంగా జరగాలి. రాసేవారు సంతకం చేయాలి, లేదా వేలిముద్ర వేయాలి. ఇద్దరు సాక్షుల్లో ప్రతి ఒక్కరూ ఆ సంతకం చేస్తుండగా చూసి ఉండాలి, లేదా ‘ఈ సంతకం నాదే’ అని రాసినవారు తమతో స్వయంగా చెప్పగా విని ఉండాలి. ఆ తర్వాత సాక్షులు ఇద్దరూ రాసినవారి ఎదుటే సంతకం చేయాలి. సాక్షులు ఇద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాలన్న నియమం లేదు. ఒకరు ఉదయం, ఒకరు సాయంత్రం వచ్చి చేసినా వీలునామా చెల్లుతుంది.

చెల్లడం వేరు, కోర్టులో నిలబడడం వేరు. రేపు ఎవరైనా వీలునామాను సవాలు చేస్తే, సాక్షుల్లో కనీసం ఒకరు బతికి, మాట్లాడగల స్థితిలో ఉన్నంతవరకు ఆ ఒకరిని పిలిపించి చెప్పించాలి. ఆ ఒక్కరే తన సంతకం గురించే కాక, రెండో సాక్షి కూడా సక్రమంగా సంతకం చేశారని చెప్పగలగాలి. 2002లో జానకీ నారాయణ్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. ఉదయం వచ్చి వెళ్లిన సాక్షికి సాయంత్రం ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? కాబట్టి చట్టం వెసులుబాటు ఇచ్చినా, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం.

సాక్షులుగా ఎవరిని పిలవాలి? రాసేవారి కంటే వయసులో చిన్నవారిని, ఊళ్లో స్థిరంగా ఉండేవారిని, ఆస్తిలో ఏమీ దక్కనివారిని. ఇల్లు పొందే కూతురిని గాని, అల్లుడిని గాని సాక్షిగా పెట్టకూడదు. క్రైస్తవ కుటుంబాల్లో అలా చేస్తే ఆ సాక్షికి, ఆ సాక్షి భార్యకు లేదా భర్తకు రాసింది చెల్లకుండా పోతుందని చట్టమే చెబుతోంది. హిందువులకు ఆ నిబంధన వర్తించకపోయినా, కోర్టు అనుమానంతో చూడడానికి అది ఒక్కటి చాలు. ముస్లిం కుటుంబాలకు నియమాలే వేరు, వారు ఈ వ్యాసాన్ని నమ్ముకోకుండా విడిగా సలహా తీసుకోవాలి. పెద్దమ్మ పక్కింటి బ్యాంకు ఉద్యోగిని, తన పాత విద్యార్థి ఒకరిని ఎంచుకుంది. ఇద్దరూ యాభై దాటనివారు.

ఇక్కడిదాకా రెండు దారులూ ఒకటే. సాక్షులు సరిగ్గా ఉంటే బీరువాలోని కాగితమూ వీలునామాయే. తేడా వచ్చేది రాసిన మనిషి పోయాక.

రిజిస్టర్ కాని వీలునామాకు ఉన్న గొప్ప సుగుణం వేగం. ఆసుపత్రి మంచం మీద ఉన్నవారు, స్పృహ బాగున్న గంటలోనే ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయవచ్చు. ఇంట్లో గుట్టుగా జరిగిపోతుంది, ఖర్చు లేదు. అలాంటి సమయంలో రిజిస్ట్రేషన్ కోసం ఆగడం పెద్ద తప్పు. ముందు సంతకాలు కానివ్వాలి. వీలునామాను రిజిస్ట్రేషన్‌కు ఎప్పుడైనా తీసుకెళ్లవచ్చు, మిగతా దస్తావేజులకున్న నాలుగు నెలల గడువు దీనికి లేదు. కదలలేని మనిషైతే, ప్రత్యేక కారణం చూపి సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికి రప్పించే వీలు కూడా రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది.

దాని బలహీనత కూడా బీరువాలోనే ఉంది. ఆ కాగితం ఎవరి చేతికి ముందు దొరుకుతుంది? నచ్చనివారికి దొరికితే మాయమవుతుంది. రాసినవారి దగ్గరే ఉన్న వీలునామా ఆమె పోయాక కనబడకపోతే, ఆమె దాన్ని రద్దు చేసుకుని చించేసి ఉంటుందని వాదించడానికి దారి దొరుకుతుంది. పోనీ దొరికిందే అనుకుందాం. ‘ఇది అమ్మ సంతకం కాదు’, ‘తేదీ వెనక్కి వేశారు’, ‘మందుల మత్తులో ఉండగా పెట్టించుకున్నారు’ అనే మూడు మాటలకూ జవాబు చెప్పవలసిన భారం కూతురి మీద పడుతుంది. ఇల్లు కొనేవారు, అప్పిచ్చే బ్యాంకువారు మిగతా వారసుల సంతకాలు కూడా తెమ్మంటారు.

రిజిస్ట్రేషన్ ఈ మూడు మాటలకూ ముందుగానే జవాబు రాసి పెడుతుంది. పెద్దమ్మ విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఇంట్లో వీలునామా మీద ముగ్గురి సంతకాలూ అయ్యాక, అసలు ప్రతి, గుర్తింపు పత్రాలు, సాక్షులతో కార్యాలయానికి వెళ్లాము. అక్కడి అధికారి మమ్మల్ని పక్కకు ఉండమని, ‘‘ఇది మీరే రాయించారా? ఇందులో ఏముందో చెప్పగలరా?’’ అని ఆమెనే అడిగారు. ఆమె చెప్పింది. ఫోటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు. పత్రం వెనుక ఆమె ఒప్పుకోలు, తేదీ, నంబరు ఎక్కాయి. దాని నకలు కార్యాలయంలోని మూడో పుస్తకంలో చేరింది. ఇక బీరువా కాలిపోయినా సర్టిఫైడ్ నకలు దొరుకుతుంది. ఫీజు ఇంటి విలువను బట్టి పెరిగేది కాదు.

అందరికీ తెలిసిపోతుందని చాలామంది జంకుతారు. ఆ భయం అక్కరలేదు. ఒకటో పుస్తకంలోని విక్రయ దస్తావేజుల్లాగా మూడో పుస్తకంలోని వీలునామాలు, ఆస్తి లావాదేవీలను చూపే ఈసీలో కనబడవు. రాసినవారు బతికి ఉన్నంతకాలం నకలు ఆమెకు, లేదా ఆమె నియమించిన ఏజెంటుకు మాత్రమే ఇస్తారు. వారు పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. అధికారి కంట కూడా పడకూడదనుకుంటే, సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచే పద్ధతి ఉంది. కానీ అందులో ఎవరూ ఆమెను ప్రశ్నించరు కాబట్టి ఆమె ఒప్పుకోలు ఎక్కడా నమోదు కాదు. పెద్దమ్మకు దాన్ని నేను సూచించలేదు.

రిజిస్ట్రేషన్ చేయలేని పనులు కూడా ఉన్నాయి. అవి తెలియక మోసపోయేవారే ఎక్కువ. రిజిస్టర్ అయినంత మాత్రాన అనుమానాలు తొలగిపోవని 1961లో రాణి పూర్ణిమా దేబి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందులోని విషయం తెలిసే ఒప్పుకున్నారని రుజువు లేని రిజిస్ట్రేషన్ వట్టి తంతు మాత్రమే. సాక్షిని కోర్టుకు పిలవవలసిన అవసరమూ తప్పదు. మరొక చిక్కు: కార్యాలయంలో ‘ఈవిడ ఫలానా’ అని గుర్తుపట్టి సంతకం చేసేవారు గుర్తింపు సాక్షులు, వీలునామా సాక్షులు కారు. ఈ రెండూ ఒకటి కావని 1969లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సాక్షుల సంతకాలు లేని కాగితాన్ని రిజిస్టర్ చేయించి నిశ్చింతగా ఉంటే, ఆ పత్రం కేసులో కూలిపోవచ్చు. నోటరీ ముద్ర కూడా సాక్షులకు బదులు కాదు.

రిజిస్టర్ చేస్తే మార్చలేమని పెద్దమ్మ కూడా భయపడింది. వీలునామాను బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చవచ్చు, చివరిదే చెల్లుతుంది. అయితే ఒక హెచ్చరిక. రిజిస్టరైన దాన్ని చట్టబద్ధంగా రాసిన తెల్లకాగితపు వీలునామాతోనూ రద్దు చేయవచ్చు గాని, అలా చేస్తే వారసులు రెండు పత్రాలు పట్టుకుని కోర్టుకెక్కుతారు. మొదటిది రిజిస్టర్ చేస్తే మార్పునూ రిజిస్టరే చేయాలి. బతికుండగానే గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేయమని బంధువొకరు సలహా ఇచ్చారు. దానికి ఇంటి విలువ మీద స్టాంపు డ్యూటీ కట్టాలి, పైగా ఇల్లు ఆ రోజే కూతురిదైపోతుంది. ‘‘నా ఇంట్లో నేను అతిథిని కాలేను’’ అని పెద్దమ్మ ఒప్పుకోలేదు.

కాబట్టి నా తూకం ఇది. పిల్లలకు అసమానంగా పంచుతున్నా, ఒకరికి ఇవ్వకపోతున్నా, వయసు మీద పడినా, పిల్లలు దూరదేశాల్లో ఉన్నా రిజిస్ట్రేషన్ చేయించాలి. పెద్దమ్మ వీలునామాలో కొడుకులకు ఏం ఇచ్చిందో, ఇల్లు వారికి ఎందుకు ఇవ్వడం లేదో నాలుగు వాక్యాల్లో రాయించాము. ఇంటి నంబరు, హద్దులు, 1989 దస్తావేజు నంబరు చేర్చాము. ప్రతి పేజీలో సంతకం పెట్టించాము. ఆ వారంలోనే ఆమె ఆరోగ్యంగా, స్పష్టంగా ఆలోచించగలుగుతున్నదని డాక్టరు సర్టిఫికెట్ తీసుకున్నాము.

నిరుడు సాక్షుల్లో ఒకరు, ఆ పాత విద్యార్థి, హఠాత్తుగా చనిపోయారు. మళ్లీ రాయించాలా అని కంగారుపడి వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కటే అడిగారు: ‘‘బతికి ఉన్న సాక్షి, చనిపోయినాయన సంతకం చేస్తుండగా చూశారా?’’

‘‘చూశారండీ. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చేశారు.’’

‘‘అయితే మార్చనక్కరలేదు. మీ పెద్దమ్మకు ఓపిక ఉంటే, ఇంకొక చిన్నవయసు సాక్షితో కొత్తది రాయించుకోవచ్చు. అది మీ ఇష్టం,’’ అన్నారు.