రంగు కలిసింది, నీడ కలవలేదు: డీప్‌ఫేస్‌ల్యాబ్ చాలాకాలం వాడాక నా మాట

వీడియోలో ఒకరి ముఖం మీద ఇంకొకరి ముఖం కూర్చోబెట్టే సాఫ్ట్‌వేర్ డీప్‌ఫేస్‌ల్యాబ్. దాన్ని ఎలా ఎక్కించుకోవాలి, ఎంత గ్రాఫిక్స్ కార్డు కావాలి అన్నవి ఇక్కడ రాయడం లేదు. వాటి మీద వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నేను చేసేది చిన్న సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు డూపు షాట్ల పని. నటుడు ఒప్పుకుని సంతకం పెట్టాక, డూపు ముఖం మీద ఆ నటుడి ముఖం కూర్చోబెట్టడం. ఇన్నేళ్లలో ఈ పనిలో నన్ను బాగా ఏడిపించింది పోలిక కాదు, రిజల్యూషన్ కాదు. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందన్నదే. ఈ సమీక్ష అంతా దాని గురించే.

ఇందులో కలర్ ట్రాన్స్‌ఫర్ అనే సదుపాయం ఉంది. తయారైన ముఖాన్ని షాట్‌లో అతికించే మెర్జర్‌లో C నొక్కుతూ పోతే `rct`, `lct`, `mkl` అని రంగు కలిపే మోడ్‌లు ఒక్కొక్కటే మారతాయి. మొదట్లో దీన్ని నేను తెలిసినవాళ్లందరికీ తెగ మెచ్చుకుని చెప్పాను. మబ్బు పట్టిన రోజున తీసిన షాట్లు, ట్యూబులైట్ల కింద తీసిన ఆఫీసు సీన్లు అయితే ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అక్కడ వెలుతురు అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది. తేడా రంగులో మాత్రమే ఉంటుంది, దాన్ని ఇది చక్కగా కలిపేస్తుంది. ఎండలో తీసిన షాట్ చేతికొచ్చాకే దీని హద్దు తెలిసింది.

ఆ షాట్ సంగతి చెప్తాను. సాయంత్రం ఎండ, రోడ్డు మీద డూపు బైకు నడుపుతూ కెమెరా వైపు వస్తున్నాడు. సూర్యుడు ఫ్రేములో కుడివైపు, బాగా కిందికి దిగి ఉన్నాడు. కాబట్టి డూపు ముఖంలో మనకు కుడివైపు కనిపించే చెంప మెరుస్తోంది, ముక్కు నీడ ఎడమ చెంప మీదికి అడ్డంగా పడుతోంది, ఎడమ కన్ను దాదాపు నీడలోనే ఉంది. నటుడి ముఖం కోసం నిర్మాణ సంస్థ నాకిచ్చిన ఫుటేజ్ మాత్రం కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసిన ఇంటర్వ్యూ. కిటికీ ఎడమవైపు, తలకన్నా కాస్త ఎత్తులో ఉంది. మెత్తటి వెలుతురు, ముక్కు నీడ కుడివైపు కిందికి. అంటే రెండు ముఖాలకూ వెలుతురు సరిగ్గా ఎదురెదురు వైపుల నుంచి వచ్చింది.

రెండు ముఖాలనూ మోడల్‌కు నేర్పించే ట్రైనింగ్ పూర్తయ్యాక పోలిక అద్భుతంగా కుదిరింది. `rct` పెట్టగానే చర్మం సాయంత్రపు ఎండ రంగులోకి వచ్చింది. అయినా ఎవరో ముఖానికి ముఖం అతికించినట్టే కనిపిస్తోంది. పైగా కలర్ ట్రాన్స్‌ఫర్ తీసేసి చూస్తే కాస్త నయంగా ఉంది, పెడితే ఇంకా ఘోరం. రంగు కలిసినకొద్దీ దొంగతనం బయటపడటం ఏమిటో చాలాసేపు అర్థం కాలేదు.

చివరికి రెండు చెంపల వెలుగును కొలిచి లెక్క వేస్తే విషయం తేలింది. తేలిగ్గా పట్టుబడేలా గుండ్రటి అంకెల్లో చెప్తాను. డూపు ముఖంలో కుడి చెంప వెలుగు 80, ఎడమ చెంప 30 అనుకోండి. సగటు 55, ఆ సగటు నుంచి అటూ ఇటూ తేడా 25. నటుడి ముఖంలో కుడి చెంప 50, ఎడమ చెంప 70. సగటు 60, తేడా 10. `rct` చేసేది ఎరిక్ రైన్‌హార్డ్ బృందం 2001లో చెప్పిన పద్ధతి: ముఖం మొత్తానికి సగటును, తేడాను కొలిచి, రెండో ముఖం కొలతలకు సరిపోయేలా సాగదీయడం. ఇక్కడ తేడా 10 నుంచి 25 కావాలి, అంటే రెండున్నర రెట్లు. నటుడి కుడి చెంప సగటుకన్నా 10 తక్కువ ఉంది కదా, ఇప్పుడు 25 తక్కువై 30 దగ్గర ఆగుతుంది. ఎడమ చెంప 80కి ఎక్కుతుంది. 80 ఉండాల్సిన చోట 30, 30 ఉండాల్సిన చోట 80.

లెక్క ప్రకారం సగటూ కలిసింది, తేడా కూడా కలిసింది. కానీ తప్పువైపు ఉన్న నీడ మెత్తగా ఉన్నదల్లా గాఢమైంది. ఏ పిక్సెల్ ముఖంలో ఎక్కడ ఉందో ఈ లెక్కకు తెలియదు. కుడి, ఎడమ అన్న ఊహే దానికి లేదు. నా కోపమంతా ఇక్కడే. రంగు కలపడాన్ని వెలుతురు కలపడం అనుకుని ట్యుటోరియళ్లన్నీ ఒకే మాట చెప్తాయి, ‘తేడాగా ఉంటే ఇంకో మోడ్ మార్చి చూడండి’ అని. ఈ షాట్‌కి ఏ మోడ్ మార్చినా నీడ ఈ చెంప నుంచి ఆ చెంపకు పోలేదు, పోదు కూడా.

`seamless` పెట్టి చూడమని ఒక మిత్రుడు అన్నాడు. అది ఇంకో దారి. ముఖం అంచున రంగును చుట్టుపక్కల చర్మంతో కలిపి, లోపల వెలుగు ఎక్కుతూ దిగుతూ ఉండే తీరును మాత్రం నటుడి ముఖంలో ఉన్నదున్నట్టే ఉంచుతుంది. కుడివైపు చెవి ఎండలో మెరుస్తోంది కాబట్టి ఆ వెలుగు అంచు నుంచి లోపలికి పాకింది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పాత నీడే. చెవి పక్కన తెల్లటి పట్టీ, దాని పక్కన నల్లటి చెంప. అతుకు కనబడలేదు గానీ చర్మం మరకలు పడినట్టు తయారైంది.

మనిషి కన్ను దీన్ని ఇంత తొందరగా ఎందుకు పట్టేస్తుంది? 2005లో ఒస్ట్రోవ్‌స్కీ, కావనా, సిన్హా ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక దృశ్యంలో విడివిడి వస్తువుల మీద వెలుతురు వేర్వేరు వైపుల నుంచి పడుతున్నా మనం అంత తేలిగ్గా గమనించం. గ్రూపు ఫొటోలో ఇంకో మనిషిని తెచ్చి నిలబెడితే చెల్లిపోయేది అందుకే అని నా అనుభవం. ముఖమార్పిడిలో ఆ వెసులుబాటు లేదు. మార్చేది నుదుటి నుంచి గడ్డం దాకానే. చెవులు, మెడ, జుట్టు డూపువే. మెరిసే చెవికీ నల్లటి చెంపకీ మధ్య రెండు వేళ్ల దూరం కూడా లేదు. గడ్డం నీడ మెడ మీద ఎడమకు పడుతుంటే ముక్కు నీడ కుడికి పడుతుంది. రెండూ ఒకే తలవి.

ఇప్పుడు నేను ఏ షాట్ అయినా పంపే ముందు ఒక ఫ్రేము ఆపి, రంగు పూర్తిగా తీసేసి నలుపు తెలుపులో చూస్తాను. రంగు కుదిరితే కన్ను మోసపోతుంది, రంగు తీసేస్తే నీడలే మిగులుతాయి. చెవీ దాని పక్క చెంపా ఒకే వెలుగులో ఉన్నాయా, ముక్కు నీడా గడ్డం నీడా ఒకే వైపు పోతున్నాయా అని చూసుకుంటాను. ఆ తర్వాత కనుపాపలో మెరిసే చుక్క. నా షాట్‌లో అది కిటికీ ఆకారంలో ఎడమవైపు ఉంది, నడిరోడ్డు మీద బైకు తోలేవాడి కంట్లో! ఈ మెరుపును బట్టే నకిలీ ఫొటోలు పట్టుకోవచ్చని జాన్సన్, ఫరీద్ 2007లోనే చూపించారు.

సరే, పరిష్కారం. మొదట నటుడి ముఖాలను అద్దంలోలా తిప్పి నేర్పించే `random_src_flip` ఆన్ చేశాను. వెలుతురు కుడివైపుకు వచ్చింది, పెద్ద ఊరట. కానీ నటుడి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది, అది ఇప్పుడు రెండు చెంపల మీదా పలుచగా తేలింది. ఎత్తు కూడా కుదరలేదు. కిటికీ వెలుతురు పై నుంచి వచ్చింది, తిప్పినా పై నుంచే వస్తుంది. దిగిపోతున్న సూర్యుడి వెలుతురు దాదాపు కంటికి సమానంగా వస్తుంది. ముక్కు నీడ అడ్డంగా పడాల్సింది, ఏటవాలుగా కిందికే పడింది.

ఇక్కడ ఈ మోడల్ పనిచేసే తీరు తెలియాలి. ముఖాన్ని చదివే ఎన్‌కోడర్ డూపుకీ నటుడికీ ఒకటే. కాబట్టి డూపు ముఖం మీద ఎండ ఎటు ఉందో అది చదవగలదు. కానీ నటుడి ముఖాన్ని గీసే డీకోడర్ ఇంటర్వ్యూ ఫుటేజ్ తప్ప వేరేది చూడలేదు. కుడి నుంచి ఎండ తగిలితే ఆ చెంప ఎలా ఉంటుందో దానికి ఎవరూ చూపించలేదు. మోడల్ రకాల్లో నేను వాడే `df` బదులు `liae` తీసుకుంటే డూపు వెలుతురును కాస్త ఎక్కువ పాటిస్తుంది, పోలిక కొంత పోతుంది. హీరో ముఖం దగ్గర ఆ బేరం నాకు నచ్చలేదు.

అందుకని నటుడిని ఒక గంట అడిగాం. చీకటి గదిలో కుర్చీ, డిఫ్యూజర్ లేని ఒకే ఒక ఎల్‌ఈడీ లైటు, వీలైనంత దూరంగా. దగ్గర పెడితే నీడ అంచు మెత్తబడి ఎండలా ఉండదు. లైటును ఒక చెవి నుంచి రెండో చెవి దాకా ముఖం చుట్టూ జరుపుకుంటూ పోయాం, ఒకసారి నుదుటికి పైన, ఒకసారి కంటి ఎత్తులో. ఆగిన ప్రతిచోటా నటుడు తల అటూ ఇటూ తిప్పి, నాలుగు మాటలు మాట్లాడి, నవ్వాడు. నీడవైపు థర్మోకోల్ షీటు పట్టాం, ఎందుకంటే ఆరుబయట నీడ ఎప్పుడూ కటిక నలుపు కాదు, ఆకాశం నుంచి కొంత వెలుగు పడుతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేశాం.

ఇంత కొద్ది తావులు సరిపోతాయా అనిపించవచ్చు. చర్మం మీద వెలుగు మెల్లగా మారే తీరును తొమ్మిది అంకెలతోనే చాలావరకు చెప్పవచ్చని రామమూర్తి, హాన్రహాన్ 2001లో, బస్రి, జేకబ్స్ 2003లో చూపారు. కాబట్టి వందల తావులు అక్కర్లేదు. ఆ లెక్కలోకి రానిది ముక్కు, కనుబొమ్మలు వేసే గట్టి అంచు నీడ. దానికోసం సూర్యుడు ఉన్న వైపు మాత్రం లైటును దగ్గర దగ్గరగా ఆపుతూ ఎక్కువ తీశాం.

ఆ ముఖాలను నటుడి ముఖాలుండే `data_src` ఫోల్డర్‌లో కలిపి, తిప్పడం ఆఫ్ చేసి, అదే మోడల్‌ను మళ్లీ నడిపించాను. ప్రివ్యూలో ముక్కు నీడ అడ్డంగా పడటం చూసినప్పటి సంతోషం ఇంకా గుర్తుంది. బైకు మలుపు తిరుగుతుంటే నీడ కూడా చెంప మీద జరిగింది. పుట్టుమచ్చ ఒక్కటే, దాని చోట అది ఉంది. ఆ తర్వాత `rct` పెడితే రంగు కూడా హాయిగా కలిసింది. వెలుగూ చీకటీ ముందే సరైన చెంపల మీద ఉన్నాయి కాబట్టి ఈసారి సాగదీయడం మేలే చేసింది.

ఇప్పటికీ నా వల్ల కానిది చెట్ల కింద షాట్. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు మెడ మీద, చొక్కా మీద కదులుతుంటాయి, ముఖం మాత్రం నున్నగా వస్తుంది. ఆ నీడ ముఖం ఆకారం వల్ల పుట్టింది కాదు, బయటి నుంచి వచ్చి పడింది. గదిలో లైటు ఎంత తిప్పినా దాన్ని నేర్పలేను. అలాంటి చోట హెల్మెట్ పెట్టించమనో, వీపు వైపు నుంచి తీయమనో దర్శకుడికి ముందే చెప్పేస్తాను.

కొనాలా వద్దా అనే ప్రశ్న లేదు, ఉచితమే. మీకు పనికొస్తుందా అంటే, నటుడు ఒక గంట మీ ముందు కూర్చోగలడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు ఆ వీలు దొరికింది కాబట్టి ఇంత ఇష్టంగా రాస్తున్నాను. కాలం చేసిన తాతగారి ముఖం పెళ్లి వీడియోలో పెట్టమని కుటుంబసభ్యులు అడిగితే, చేతిలో ఉండేది పాత ఫొటోలు, ఒకటో రెండో క్యాసెట్లు. అక్కడ వెలుతురును మార్చలేం. అందుకే ముందు ఆ ఫొటోల్లో ముక్కు నీడ ఎటు ఉందో చూసి, కొత్త షాట్‌లో లైటును ఆ వైపే, ఆ ఎత్తులోనే పెట్టమని కెమెరామన్‌ని అడుగుతాను. దానికి ఒప్పుకుంటేనే పని తీసుకుంటున్నాను.