ర్యాలీ పొడవు, షాట్ రకాల లెక్క: ఏడాదిన్నర వాడిన తరువాత

నేను శిక్షణ ఇస్తున్న ఒక బ్యాడ్మింటన్ డబుల్స్ జోడీ ఆటను ఏడాదిన్నరగా కోర్టు వెనుక ఎత్తులో పెట్టిన ఫోన్‌తో చిత్రీకరించి, ప్రతి ర్యాలీని స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుసగా రాస్తున్నాను. సర్వీస్ ఎవరిది, మొత్తం ఎన్ని షాట్లు, మొదటి నాలుగూ చివరిదీ ఏ రకం, పాయింటు ఎవరికి దక్కింది అన్నవే గడులు. ఒక గేమ్ రాయడానికి ముప్పావు గంట పడుతుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చని విషయం అదొక్కటే కాదు గానీ, మొదట ఉపయోగం చెబుతాను.

తొమ్మిది గేమ్‌లలో 338 ర్యాలీలు నమోదయ్యాయి. మా వాళ్లు నాలుగు షాట్లలోపు ముగిసిన 121లో 64, పది లేదా అంతకు మించి సాగిన 85లో 46 గెలిచారు. ఐదు నుంచి తొమ్మిది షాట్ల మధ్య ముగిసిన 132లో మాత్రం 52 దగ్గరే ఆగిపోయారు. దమ్ము చాలడం లేదని అప్పటిదాకా నేను వేసుకున్న అంచనా తప్పని దీంతోనే తేలింది, ఎందుకంటే దమ్ము సమస్యే అయితే దెబ్బ పొడవైన ర్యాలీల్లో తగలాలి.

ఆ 132లో ప్రత్యర్థి సర్వీస్ చేసినవి 72, అందులో గెలిచినవి 23. ఓడిన వాటిలో చివరి షాట్ గడి చూస్తే ఎక్కువగా స్మాష్‌ను తిప్పికొట్టలేకపోవడమే కనిపించింది. డిఫెన్స్ బలహీనమని అక్కడే తీర్పు చెప్పి ఉంటే పొరపాటయ్యేది. నాలుగో షాట్ గడి ప్రకారం విడదీస్తే, షటిల్‌ను ఎత్తుగా వెనక్కి లేపి లిఫ్ట్ చేసిన 37 ర్యాలీల్లో గెలిచినవి ఆరే. లిఫ్ట్ చేయని 35లో 17 గెలిచారు. ఓడిన ర్యాలీలను మాత్రమే లెక్కపెడితే ఈ తేడా తెలియదు, గెలిచిన వాటినీ పక్కపక్కనే పెట్టి పోల్చాల్సిందే.

అయితే లిఫ్ట్ ఎందుకు చేశారో పట్టిక చెప్పలేదు. ఆ 37 క్లిప్పులనూ తిరిగి చూస్తే, సర్వీస్ అందుకున్న ఆటగాడి వెనుకనున్న భాగస్వామి మరీ వెనక్కి నిలబడటంతో, ప్రత్యర్థి పక్క గీత వెంట మధ్య కోర్టులోకి తోసిన మూడో షాట్‌ను నెట్ ఎత్తుకు బాగా దిగువన అందుకోవలసి వస్తోందని అర్థమైంది. అడుగు ముందుకు జరిగితే అదే షటిల్‌ను డ్రైవ్ చేయవచ్చు. ఇప్పుడు ఆ షాట్‌ను నెట్‌కు పైన అందుకున్నారా, కిందనా అన్న గడి కూడా చేర్చాను.

లోపాలూ ఉన్నాయి. వేగవంతమైన డ్రైవ్‌లలో లెక్క తప్పుతుంది. సర్వీస్‌ను ఒకటిగా లెక్కిస్తే బేసి షాట్లన్నీ సర్వీస్ చేసిన జోడీవే కనుక, చివరి షాట్ కొట్టిన వారితో సంఖ్య పొసగకపోతే తప్పు బయటపడుతుంది. ఒకేసారి రెండు షాట్లు వదిలేస్తే మాత్రం దొరకదు. పుష్‌కూ డ్రైవ్‌కూ మధ్య గీత నా చేతిలోనే అటూ ఇటూ జరుగుతోంది. స్థానం మార్చాక ఆడిన నాలుగు గేమ్‌లలో అదే తరహా ర్యాలీలు 30కి 14 గెలిచారు గానీ, ప్రత్యర్థులు వేరు కావడంతో ఆ మెరుగుదల ఎంతవరకు అడుగు ముందుకు జరగడం వల్ల వచ్చిందో విడదీయలేకపోతున్నాను.