ఒక అంగుళం పైపా, రెండు అరంగుళం పైపులా?

వెయ్యి లీటర్ల ట్యాంకు నింపాలి. అర ప్లస్ అర ఒకటే కదా, రెండు అరంగుళం పైపులు వేసినా అంతే నీళ్లు వస్తాయి అని చాలామంది లెక్కేస్తారు, కానీ నీళ్లు వెళ్లేది పైపు అడ్డకోత వైశాల్యం గుండా, అది వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది.

లోపలి వ్యాసం 2.5 సెం.మీ., నీటి వేగం సెకనుకు 1 మీటరు అనుకోండి. వ్యాసార్థం 1.25, దాని వర్గాన్ని 3.14తో గుణిస్తే వైశాల్యం దాదాపు 4.9 చ.సెం.మీ. సెకనుకు 100 సెం.మీ. వేగం కాబట్టి 490 ఘన సెం.మీ., అంటే నిమిషానికి 29.4 లీటర్లు. ట్యాంకు 34 నిమిషాల్లో నిండిపోతుంది.

అదే వేగంతో 1.25 సెం.మీ. పైపు నుంచి వచ్చేది అందులో నాలుగో వంతే, 7.35 లీటర్లు. రెండు కలిపినా 14.7, అంటే 68 నిమిషాలు! పెద్దపైపుతో సమానం కావాలంటే నాలుగు కావాలి. పైగా సన్న పైపులో గోడల రాపిడి ఎక్కువ, పైనున్న ట్యాంకు నుంచి ఒకే ఎత్తు మీద దిగే నీటికైతే వేగం కూడా తగ్గుతుంది కాబట్టి ఆ నాలుగూ సరిపోకపోవచ్చు. నా ఓటు అంగుళం పైపుకే.

షాపులో చెప్పే అంగుళం లోపలి కొలత కాకపోవచ్చు, స్కేలు పెట్టి చూడండి. లోపల 2.3 సెం.మీ.యే ఉంటే 34 నిమిషాలు కాస్తా 40 అవుతాయి. వేగం తెలియకపోతే 15 లీటర్ల బకెట్ పెట్టండి, 30 సెకన్లకు నిండితే నిమిషానికి 30 లీటర్లు.