నీడ్‌ఫుల్ తీసేసి ఏం రాయాలి?

‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అని మెయిల్లో రాయొచ్చా, రాయకూడదా? గవర్నర్‌పేటలో మా అకౌంట్స్ ఆఫీసులో కొత్తగా చేరే ప్రతి కుర్రాడూ, ప్రతి అమ్మాయీ ఏదో ఒక రోజు ఇదే అడుగుతారు. ఒకరు ‘అది తప్పు ఇంగ్లీషట కదా సార్’ అంటారు. ఇంకొకరు ‘మా నాన్నగారు రిటైరయ్యేదాకా అదే రాశారండీ’ అంటారు. తప్పేం కాదు. ఇంగ్లండులోనూ ఒకప్పుడు వాడిన మాటే. అక్కడ పాతబడింది, మన ఆఫీసుల్లో ఉండిపోయింది. అందుకే వ్యాకరణం జోలికి నేను పోను. మెయిల్ అందుకున్న మనిషి మళ్లీ ఫోన్ చేసి అడగకుండా పని మొదలుపెట్టగలడా లేదా, అంతవరకే చూస్తాను.

ఒక బిల్లు సంగతి తీసుకుందాం. గుంటూరు మిర్చి వ్యాపారి మే నెలలో విజయవాడలోని ఒక కారాల కంపెనీకి తేజ మిర్చి పంపాడు. ఆ కంపెనీకి ఆంధ్రాలో ఒక జీఎస్టీ రిజిస్ట్రేషన్, తెలంగాణలో మరొకటి ఉన్నాయి. సరుకు దిగింది విజయవాడలో. బిల్లు మీద మాత్రం 37తో మొదలయ్యే ఆంధ్రా నంబరుకి బదులు 36తో మొదలయ్యే తెలంగాణ నంబరు పడింది. దాంతో రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఉండాల్సిన చోట, రాష్ట్రం దాటిన అమ్మకానికి వేసే ఐజీఎస్టీ వేశారు. కంపెనీ అకౌంటెంటు జూన్ 5న బిల్లు జతచేసి మెయిల్ కొట్టాడు: ‘జీఎస్టీ నంబర్ ఈజ్ రాంగ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది అర్లియెస్ట్.’

ఇక్కడ చెయ్యాల్సిన పని ఏది? వ్యాపారి దగ్గరున్న గుమాస్తాకి నాలుగు దారులు కనిపిస్తాయి. పాత బిల్లు మీద పెన్నుతో నంబరు దిద్ది, స్టాంపు కొట్టి, స్కాన్ పంపొచ్చు. బిల్లు రద్దుచేసి కొత్తది ఇవ్వొచ్చు. క్రెడిట్ నోట్ ఇచ్చి కొత్త బిల్లు రాయొచ్చు. లేదా ‘మా ఆడిటర్‌గారిని అడిగి చెప్తాం’ అని ఊరుకోవచ్చు. మొదటిదే అన్నిటికన్నా తేలిక కాబట్టి చాలాసార్లు జరిగేది అదే. దానివల్ల జీఎస్టీ పోర్టల్లో ఏమీ మారదు. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారి మే అమ్మకాల జీఎస్టీఆర్-1ని జూన్ 11లోపు వెయ్యాలి. కొన్నవాళ్లు తాము కట్టిన పన్నుకి వాడుకోగలిగే క్రెడిట్ చూపించే జీఎస్టీఆర్-2బి 14న వస్తుంది. 11 లోపు సరిచెయ్యకపోతే ఆ క్రెడిట్ విజయవాడ ఖాతాలో కనబడదు. ‘ఎట్ ది అర్లియెస్ట్’ అన్న మాటలో ఈ పదకొండో తారీకు ఎక్కడుంది?

పాత మాట ఎబ్బెట్టుగా ఉందని చాలామంది కొత్తది పెడతారు. ‘ప్లీజ్ టేక్ నెసెసరీ యాక్షన్’, ‘ప్లీజ్ లుక్ ఇంటు దిస్’, ‘ప్లీజ్ యాక్షన్ దిస్’. చెవికి బాగానే ఉంటాయి, కార్పొరేట్ వాసన కూడా వస్తుంది. వీటిని ఆ మిర్చి బిల్లు మెయిల్లో పెట్టి చూడండి. గుమాస్తా ముందు అవే నాలుగు దారులు. పోనీ తెలుగులో రాద్దామంటే ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని మనకీ ఒకటి తయారుగా ఉంది. అదీ ఇదే బాపతు.

మూడో పద్ధతి, నేను మా పిల్లల చేత రాయించేది: ‘ప్లీజ్ క్యాన్సిల్ ఇన్వాయిస్ 118 అండ్ ఇష్యూ ఎ ఫ్రెష్ వన్ ఆన్ అవర్ ఆంధ్రా జీఎస్టీ నంబర్ బై టెన్త్ జూన్.’ కింద ఆ పదిహేను అక్షరాల నంబరు పూర్తిగా, కాపీ చేసుకునే వీలుగా. ఆపైన ఇంకో వాక్యం: ‘ఇఫ్ యూ హ్యావ్ ఆల్రెడీ ఫైల్డ్ జీఎస్టీఆర్-1, ప్లీజ్ టెల్ అజ్ టుడే.’ ఈ రెండో వాక్యమే అసలు ప్రాణం. రిటర్ను అప్పటికే వేసేసి ఉంటే ఊరికే రద్దు చేస్తే సరిపోదు, క్రెడిట్ నోట్ లాంటి వేరే దారి చూడాలి. ఆ సంగతి ఐదో తారీకున తెలిస్తే ఇరుపక్షాల ఆడిటర్లూ మాట్లాడుకునే వ్యవధి ఉంటుంది. పద్నాలుగున తెలిస్తే మిగిలేది ఫోన్లో అరుపులే.

ఇలా రాయడానికి ముందు రాసేవాడికి పని తెలియాలి. నిజం చెప్పాలంటే నీడ్‌ఫుల్ అనే మాట ఇంతకాలం బతకడానికి సగం కారణం ఇదే. ఏం చెయ్యాలో మనకే తెలియనప్పుడు ఆ మాట భలే అక్కరకొస్తుంది. అలాంటప్పుడు ‘షుడ్ దిస్ బి క్యాన్సిల్డ్, ఆర్ డు వి నీడ్ ఎ క్రెడిట్ నోట్?’ అని నేరుగా అడిగెయ్యడం నయం.

‘అలా తారీకు పెట్టి అడిగితే ఆర్డర్ వేసినట్టుండదా అండీ?’ అన్నది పిల్లల రెండో భయం. అది అర్థం లేని భయం కాదు. తెలుగులో ‘పంపగలరు’ అంటే సరిపోయే మర్యాదకి ఇంగ్లీషు ఆజ్ఞార్థకంలో చోటు కనబడదు. దానికి కైండ్లీలు పేర్చడం కన్నా కారణం చెప్పడం మేలు. ‘11న మీ రిటర్ను ఉంది కాబట్టి 10 లోపు అడుగుతున్నాం’ అన్న ముక్క చేరిస్తే ఎదుటివాడికి అది మన జులుంలా అనిపించదు. పెద్దాయనకి రాస్తున్నట్టయితే ‘కుడ్ యూ ప్లీజ్’ అని ప్రశ్నగా మార్చండి. తారీకు మాత్రం తియ్యొద్దు.

రివర్ట్ కథ వేరు. మన దగ్గర, సింగపూర్ వైపు అది ‘జవాబివ్వడం’. అమెరికా వాళ్లకి, ఇంగ్లండు వాళ్లకి ‘మునుపటి స్థితికి తీసుకెళ్లడం’. విజయవాడలో కూర్చుని అమెరికా క్లయింటుకి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు దీన్ని మానెయ్యాల్సిందే. `git revert` అంటే అంతకుముందు చేసిన మార్పుని వెనక్కి తీసే కమాండు. కొత్త మార్పు పంపి ‘ప్లీజ్ రివర్ట్’ అని రాస్తే, చేసిందంతా తీసెయ్యమంటున్నావా అని అవతలివాడు అడిగినా అడుగుతాడు. లోకల్ పార్టీలతో ఆ ప్రమాదం లేదు, కానీ ‘రిప్లై’ అనే మాట ఉండగా ఇదెందుకు? ఇంకా మంచిది, ఏ జవాబు కావాలో చెప్పడం: ‘ప్లీజ్ కన్ఫర్మ్ ది రేట్ బై ఫోర్ పీఎం.’ గడువు విదేశాలకి పెడితే ఎవరి గడియారం ప్రకారమో కూడా రాయాలి.

‘ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్’ వల్ల నష్టం లేదు, ఏం జతచేశామో పేరు రాస్తే చాలు. ‘ప్రీపోన్’ మన దేశంలో అందరికీ తెలుసు, బయటివాళ్లకైతే కొత్త టైము చెప్పండి.

కలెక్టరాఫీసుకో, బ్యాంకు మేనేజరుకో పెట్టే అర్జీలో పాత మాట ఉన్నా నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఏ చర్య తీసుకోవాలో నిర్ణయించే అధికారం ఆయనది, ఆ సంగతి ఒప్పుకున్నట్టుంటుంది. అక్కడ కూడా దానికి ముందు వాక్యంలో మనకేం కావాలో చెప్పెయ్యాలి: ఫలానా ఖాతాలో మొబైల్ నంబరు మార్చాలి, పాతది ఇది, కొత్తది ఇది. మీ మేనేజరు పాత టెంప్లేటు ముట్టుకోనివ్వకపోయినా అంతే. ఆయన నీడ్‌ఫుల్‌ని చివర్లో అలాగే ఉండనిచ్చి, పైన మీ రెండు వాక్యాలు చేర్చండి.