ఆరు సర్టిఫికెట్లు, ఏడేళ్ల వాడకం: రెండు దాటాక దక్కేది తక్కువ

పదేళ్లు క్లౌడ్ పని చేసిన ఇంజనీరుకి రెండు సర్టిఫికెట్లు చాలు: ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ ప్రొఫెషనల్ ఒకటి, కుబర్‌నెటీస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష సీకేఏ ఒకటి. ఆరు పరీక్షలు రాసి, గడువు ముగిసినప్పుడల్లా మళ్లీ రాస్తూ వచ్చాక నాకు తేలింది ఇదే. మొదటిది సర్వీసులన్నిటినీ ఒక వరుసలో చదివిస్తుంది. రెండోదాంట్లో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, రెండు గంటలూ టెర్మినల్‌లో పని చేసి చూపించాలి. మూడోది మొదలుకొని చదివిన సిలబస్సే కొత్త అట్టతో వస్తుంది.

పని దగ్గర ఆ తేడా ఎలా బయటపడుతుందో ఒక ఉదాహరణ చూడండి. ఏడబ్ల్యూఎస్ కుబర్‌నెటీస్ సర్వీసు ఈకేఎస్‌లో ఒక క్లస్టర్ నోడ్లన్నీ ఒక /24 సబ్‌నెట్‌లో ఉన్నాయి. అందులో 256 చిరునామాలు. ఐదు ఏడబ్ల్యూఎస్ తన దగ్గరే ఉంచుకుంటుంది కాబట్టి మనకి 251. నోడ్లు m5.large. ఒక్కోదానికి మూడు నెట్‌వర్క్ కార్డులు, కార్డుకి పది చిరునామాలు, వాటిలో ఒకటి కార్డు సొంతానికి, తొమ్మిది పాడ్లకి. మనం ఏ సెట్టింగూ మార్చకపోతే, ఎప్పుడూ ఒక పూర్తి కార్డు ఖాళీగా ఉండేలా నోడ్ ముందే పట్టేస్తుంది. అంటే పదో పాడ్ రాగానే మూడో కార్డు తగిలి, ఆ ఒక్క నోడే 30 చిరునామాలు తీసేసుకుంటుంది. ఎనిమిది నోడ్లకి 240 అయిపోయాయి. తొమ్మిదో నోడ్‌కి మిగిలినవి 11. అక్కడ పదో పాడ్ `ContainerCreating` దగ్గర ఆగిపోతుంది. మొత్తం పాడ్లు చూస్తే వంద కూడా లేవు. సీపీయూ, మెమరీ ఖాళీగానే కనిపిస్తాయి కాబట్టి చాలామంది ఇంకో నోడ్ జోడిస్తారు, దాంతో సమస్య ఇంకా ముదురుతుంది. `kubectl describe pod` చివర్లో `failed to assign an IP address to container` అని కనబడితే కారణం ఇదే.

```
kubectl set env daemonset aws-node -n kube-system \
  WARM_IP_TARGET=2 MINIMUM_IP_TARGET=12
```

అంటే ఖాళీగా రెండు, మొత్తం కనీసం 12 ఉంచుకోమని. ఇలా పెడితే పది పాడ్లున్న నోడ్ పాడ్ల కోసం 12, రెండు కార్డుల సొంతానికి రెండు, మొత్తం 14 చిరునామాలతో సరిపెట్టుకుంటుంది. అదే సబ్‌నెట్‌లో 17 నోడ్లు పడతాయి. పెద్ద క్లస్టర్‌లో మాత్రం ఈ అంకెలు మరీ తగ్గించకూడదు. కొత్త పాడ్లు వచ్చిన ప్రతిసారీ ఈసీ2కి కాల్స్ పెరిగి, అక్కడ బ్రేకు పడుతుంది.

ఇందులో ఐదు చిరునామాల సంగతి ఆర్కిటెక్ట్ పరీక్షకి చదివేటప్పుడు వస్తుంది, `describe` చదవడం సీకేఏలో అలవాటవుతుంది. ఆ రెంటినీ కలిపి గుణించే లెక్క నేను తర్వాత రాసిన నాలుగు పరీక్షల్లో ఎక్కడా రాలేదు. నిజానికి ఇంటర్వ్యూలో అడిగేది ఆ లెక్కే.

ఇక ఖర్చు. ప్రొఫెషనల్ పరీక్ష ఫీజు 300 డాలర్లు, మన డబ్బులో పాతిక వేల పైమాటే. గడువు మూడేళ్లు. సీకేఏ గడువు 2024 ఏప్రిల్ నుంచి రెండేళ్లకి తగ్గింది. అజూర్‌వి, ఫండమెంటల్స్ తప్ప, ఏటా రెన్యువల్ చేసుకోవాలి, కాకపోతే అది ఆన్‌లైన్‌లో ఉచితం. గడువు తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి చూస్తే ఆరు సర్టిఫికెట్లవాడికి ఖాళీ ఏడాదంటూ మిగలదు. పైగా 2024 ఏప్రిల్‌లో డేటాబేస్, డేటా అనలిటిక్స్ స్పెషాలిటీలను ఏడబ్ల్యూఎస్సే ఎత్తేసింది. సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ ప్రొఫెషనల్ పాసైతే దాని కింది అసోసియేట్ గడువు దానంతటదే పెరుగుతుంది. అసోసియేట్ విడిగా మళ్లీ రాయడం శుద్ధ దండగ.

కొత్తది కట్టే ముందు ఆ పరీక్ష గైడ్ ప్రింట్ తీసి, పనిలో చేసిన అంశాల పక్కన గీత పెట్టండి. నాలుగింట మూడొంతులకి గీత పడితే వదిలేయండి. గీత పడనివి వచ్చే ఆరు నెలల్లో వాడే పని లేకపోయినా వదిలేయండి, మర్చిపోతారు. కంపెనీ పార్ట్‌నర్ హోదాకి తలల లెక్క కావాలన్నా, వెలగపూడి సచివాలయం వైపు టెండర్‌లో సర్టిఫికెట్ ఉన్న మనుషుల్ని అడిగినా అది వేరే విషయం. అప్పుడు ఫీజు కంపెనీ చేతే కట్టించండి.

రాయక తప్పనప్పుడు ఒక మాట. ఏడబ్ల్యూఎస్ పరీక్ష ఇంగ్లిష్‌లో రాసే మనకి 30 నిమిషాలు అదనంగా ఇస్తారు, కానీ స్లాట్ బుక్ చేయకముందే అడగాలి. విజయవాడలో ఎండాకాలం ఇంటి నుంచి రాస్తుంటే ల్యాప్‌టాప్‌తోపాటు వైఫై రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ మీద పెట్టండి. రౌటర్ సంగతి మర్చిపోతే కరెంటు పోగానే పరీక్ష మధ్యలో ఆగిపోతుంది.

మూడో సర్టిఫికెట్‌కి పెట్టే వారాంతాల్లో ఒకటి పై లెక్కకి ఇవ్వండి. /26 సబ్‌నెట్‌లో నాలుగు t3.medium నోడ్లు పెట్టి, 55 పాడ్లు అడిగి చూడండి. వాడుకోగల చిరునామాలు 59, అయినా కొన్ని పాడ్లు ఆగిపోతాయి. ఎందుకో కాగితం మీద తేల్చాక క్లస్టర్ తీసేయండి, నాట్ గేట్‌వే కూడా. దానికి గంటల లెక్కన బిల్లు నడుస్తూనే ఉంటుంది.