రొయ్యల గుంటకాడ జనరేటర్ షెడ్డుకి ఏది మేలు: ఏబీసీ పౌడరా, సీఓటూనా?

ఇందుకూరుపేట, విడవలూరు వైపైనా అటు కొత్తపట్నం వైపైనా గుంటకాడ షెడ్డులో దాదాపు ఒకే సరంజామా, డీజిల్ జనరేటర్, ప్యానల్ బోర్డు, మేత బస్తాలు, మూలన బ్లీచింగ్ డబ్బాలు. అంటుకుంటే ఒక్కోటి ఒక్కో రకం మంట, మంటలార్పే ఎర్ర సిలిండర్ ఏదో ఒకటి తెచ్చి తగిలిస్తే సరిపోదు.

మేత బస్తాల మంట ‘ఏ’ క్లాసు, డీజిల్ మంట ‘బీ’, గ్యాస్ మంట ‘సీ’. అమెరికా వాళ్ల వీడియోలు చూసి సీ అంటే కరెంటు అనుకోబాకండి, మన లెక్కలో కరెంటుకి విడిగా క్లాసు లేదు.

రిటర్న్ పైపు లీకై డీజిల్ కాలే సైలెన్సర్ మీద పడి అంటుకుందనుకోండి. ముందు ఇంజన్ ఆపి ట్యాంకు వాల్వు కట్టేయాలి. ఆటో ప్యానల్ అయితే జాగ్రత్త, మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని జనరేటర్ దానంతటదే స్టార్ట్ అవుద్ది, అందుకని ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాల్సిందే. ఇక్కడ నా ఓటు 6 కేజీల ఏబీసీకి. గాలి వీపుకి తగిలేలా నిలబడి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి మంట అడుగున అటూ ఇటూ ఊపుతా కొట్టాలి. అర నిమిషం కూడా రాదు కాబట్టి ఒక్కసారే ఖాళీ చెయ్యబాకండి, పౌడర్ మంటని ఆపుద్ది గానీ ఇనుముని చల్లార్చదు, సైలెన్సర్ వేడికి డీజిల్ మళ్లీ అంటుకోవచ్చు. సీఓటూ అయితే మన సముద్రపు గాలికి నిలవదు, పైగా బాగా దగ్గరికి పోయి కొట్టాలి. నీళ్లు మాత్రం వద్దు, డీజిల్ నీళ్ల మీద తేలి మంటని షెడ్డంతా పాకిస్తది.

ప్యానల్ బోర్డు కాడికొస్తే సీఓటూనే మేలు. పౌడర్‌తో కూడా షాక్ కొట్టదు, మంట ఆరుద్ది, కానీ ఆ పొడి కాంటాక్టర్లలోకి దూరి ఉప్పు గాలి తేమ పీల్చుకుని రాగిని తినేస్తది. రాత్రిపూట ఏరియేటర్లు ఆగితే గుంటలో ఆక్సిజన్ పడిపోయి సరుకంతా పోయే పరిస్థితి, బోర్డుని ఎంత త్వరగా మళ్లీ నడిపించగలం అనేదే లెక్క. సీఓటూ వాడితే తుడవాల్సిందేం మిగలదు. కొట్టేటప్పుడు గ్యాస్ బయటికొచ్చే హారన్ పట్టుకోబాకండి, చెయ్యి చలికి కాలిపోద్ది, మూసిన గదైతే కొట్టి వెంటనే బయటికి రండి, ఊపిరాడదు.

బ్లీచింగ్ మీద మాత్రం ఏబీసీ అసలు కొట్టొద్దు. అందులో ఉండేది అమ్మోనియం ఫాస్ఫేట్, బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు పుట్టుద్ది, పేలొచ్చు కూడా. దానికి దూరం నుంచి దండిగా నీళ్లే, అదుపు తప్పితే వదిలేసి 101కి ఫోన్ చెయ్యాలి. అసలు బ్లీచింగ్‌ని జనరేటర్ షెడ్డులో పెట్టకుండా వేరే కొట్టంలో పెట్టుకోండి.

ఒక్కటే కొనగలిగితే ఏబీసీ కొని తలుపు బయట తగిలించండి, రెండో దానికి డబ్బులుంటే ప్యానల్ కాడికి సీఓటూ. ఏబీసీకి మీటర్ ముల్లు పచ్చలో ఉందో లేదో చూస్తుండండి, సీఓటూకి మీటర్ ఉండదు, తూకం వెయ్యాల్సిందే, గ్యాస్‌లో పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే రీఫిల్లింగ్‌కి పంపండి.