నమ్మకం, గడువు, వారంటీ: రిపేరు షాపు ప్రకటన పాఠాన్ని చాలాకాలం వాడిన తర్వాత

మొబైల్ రిపేరు షాపుల ప్రకటనల్లో ఒక మూస బాగా తిరుగుతుంది. మొదట నమ్మకం, తర్వాత ఎంత త్వరగా చేస్తారన్నది, చివర వారంటీ. ముప్పై సెకన్ల నిడివి. మా షాపు కోసం ఒక ప్రకటన రచయిత ఈ మూసలోనే రాసిచ్చిన పాఠం ఇలా ఉండేది: "నమ్మకమైన సేవ. ముప్పై నిమిషాల్లో రిపేరు. ఆరు నెలల వారంటీ. నేడే రండి." చదవడానికి హాయిగా ఉంది. మూస మంచిదేనని ఇప్పటికీ అంటాను. అందులో నింపిన మాటలే కౌంటరు దగ్గర నిలబడలేదు.

ముందుగా గడువు సంగతి చెబుతాను, ఎందుకంటే తక్కిన రెండింటినీ పాడు చేసేది అదే. డిస్‌ప్లే మార్పునే తీసుకోండి. ఫోను వేడి చేసి, పగిలిన డిస్‌ప్లేను ఊడదీసి, ఫ్రేములో మిగిలిన పాత జిగురును, గాజు ముక్కలను శుభ్రం చేసి, కొత్తదాన్ని ముందు కనెక్టరుకు తగిలించి టచ్ చూసి, అప్పుడు అతికించాలి. చేయి తిరిగిన టెక్నీషియన్‌కు చాలా మోడళ్ళలో ఇదంతా పెద్ద సమయం పట్టదు. అసలు సమయం తర్వాత పడుతుంది. ద్రవరూపంలో వాడే జిగురు పైపైన త్వరగానే పట్టుకుంటుంది కానీ, పూర్తిగా గట్టిపడాలంటే దాదాపు ఒక రోజు కావాలి. కనీసం కొన్ని గంటలైనా క్లిప్పులో బిగించి ఉంచాలి. ప్రకటనలో ముప్పై నిమిషాలు అని విన్న మనిషి గడియారం చూస్తూ నిలబడతాడు. క్లిప్పు తీసి చేతికివ్వాల్సి వస్తుంది. ఆ ఫోను జేబులో నొక్కుకుని, ఒక అంచు సన్నగా పైకి లేస్తుంది. చీకట్లో చూస్తే ఆ అంచు నుంచి వెలుతురు గీతలా బయటకు వస్తుంది, లోపలికి దుమ్ము పోతుంది. కొద్దిరోజుల్లో అదే మనిషి వారంటీ అడుగుతూ వస్తాడు. తప్పు భాగానిది కాదు, ప్రకటనలోని వాక్యానిది.

విడిభాగం షాపులో లేకపోతే ఇంకో చిక్కు. సాయంత్రం ఒకాయన వచ్చి, "ముప్పై నిమిషాలు అన్నారు కదండీ" అన్నారు. ఆయన మోడల్ డిస్‌ప్లే రేపు గాని రాదు. ముప్పై నిమిషాల లెక్క ఎక్కడ మొదలవుతుందో ప్రకటన చెప్పలేదు కాబట్టి, ఆయన షాపులో అడుగుపెట్టిన క్షణం నుంచే లెక్కపెట్టారు. ఆయన లెక్క న్యాయమైనదే. ఫోను లోపలి సర్క్యూట్ బోర్డు పనిలో ఇది మరీ ఇబ్బంది. ఛార్జింగ్ ఎక్కని ఫోనులో లోపం పోర్టులో ఉందో, బ్యాటరీలో ఉందో, బోర్డు మీది ఐసీ చిప్పులో ఉందో విప్పి కొలిచేదాకా ఎవరూ చెప్పలేరు. అందుకని ఇప్పుడు మా పాఠంలో నిమిషాలు లేవు. భాగం మా దగ్గర ఉంటే అదే రోజు. బోర్డు పని అయితే పరీక్షించాక గడువు చెబుతాం. వినడానికి ఆ ఊపు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఫోను చేసేవాళ్ళు ఇప్పుడు మొదట అడిగేది "మా మోడల్ డిస్‌ప్లే ఉందా అండీ" అని. మాకు కావలసిన ప్రశ్న అదే.

ఇక నమ్మకం. "నమ్మకమైన సేవ" అన్న మాటను ఎవరూ తిరిగి చెప్పగా వినలేదు. ఒక వాక్యం పనిచేస్తోందా లేదా అన్నదానికి నా దగ్గర ఉన్న కొలబద్ద ఇదే: వచ్చినవాళ్ళు ఆ మాటను తమ నోటితో అంటారా? "పాత భాగం చేతికిస్తారట కదా" అని మాత్రం తరచూ అంటారు. ఫోను ఇచ్చి వెళ్ళేవాళ్ళ భయాలు పెద్ద రహస్యాలేమీ కావు. లోపల మంచి భాగం తీసి వేరేది వేస్తారేమో, ఫొటోలు చూస్తారేమో. మొదటిదానికి పాత భాగం తిరిగి ఇవ్వడం, ఎదుటే విప్పడం, ఫోనులో *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబరును బిల్లు మీద రాయడం సరిపోతాయి. అయితే "ఎదుటే" అన్న మాటకు హద్దు ఉంది. మైక్రోస్కోపు కింద జరిగే బోర్డు పనికి మనిషిని గంటల తరబడి కూర్చోబెట్టలేం. ఎదుటే విప్పడం వేరు, ఎదుటే పూర్తి చేయడం వేరు. పాఠంలో మొదటిదే ఉండాలి.

రెండో భయానికి "పాస్‌వర్డ్ అడగం" అని రాయాలని నాకూ నోరూరింది. కొన్ని ఫోన్లలో అందుకు వీలుంది: సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ పెట్టి ఇస్తే సొంత ఫొటోలు, సందేశాలు కనబడవు, కెమెరా, మైకు లాంటివి మాత్రం పరీక్షించుకోవచ్చు. కానీ తెర వెలగని ఫోనులో ఆ మోడ్ పెట్టడమే కుదరదు. అన్ని ఫోన్లకూ నిలబెట్టుకోలేని మాట కాబట్టి రాయలేదు. ఫోను తీసుకునేటప్పుడు యజమానే తాళం తీసి, మా ముందు అన్నీ చూసుకుంటాడు. దీన్ని కౌంటరు దగ్గర చెబితే చాలు, ప్రకటనకు ఎక్కించనక్కరలేదు.

వారంటీ వాక్యంలో లోపం అంకెలో లేదు. ఆరు నెలలు దేనికి? బ్యాటరీ మార్పించుకున్నవారు కొన్నాళ్ళకు స్పీకరు మోగడం లేదని వచ్చి, వారంటీ ఉంది కదా అంటారు. విన్నది "ఫోనుకు వారంటీ" అని, మనం అనుకున్నది "వేసిన భాగానికి" అని. ఆ ఒక్క మాట చేరిస్తే సగం వాదన పోతుంది. మిగతా సగం మినహాయింపులది. టచ్ దానంతట అది ఆగిపోవడం, తెర వెలిగినప్పుడు లోపల గీతలు కనబడటం భాగం లోపాలు. గాజు పగలడం కాదు. తడిసిన ఫోను బాగుచేసినా, తుప్పు లోపల నెమ్మదిగా పాకుతూనే ఉండవచ్చు, దానికి మేం హామీ ఇవ్వం. ఇవన్నీ ప్రకటనలో చెబితే జనం బెదురుతారని రచయిత అభిప్రాయం. వాడి చూస్తే అలా జరగలేదు. ఏది రాదో ముందే చెప్పిన షాపు, వస్తుందన్నది ఇస్తుందని అనుకుంటారు కాబోలు.

ఇప్పుడు వాడుతున్న పాఠం ఇది:

"ఫోను పగిలిందా? మీ ఎదుటే విప్పుతాం. తీసిన పాత భాగం మీ చేతికే ఇస్తాం. డిస్‌ప్లే, బ్యాటరీ మా దగ్గర ఉంటే అదే రోజు. బోర్డు పని అయితే ముందు పరీక్ష, తర్వాత గడువు, మీరు సరే అన్నాకే పని. వేసిన భాగానికి మూడు నెలల వారంటీ, బిల్లు మీద రాసిస్తాం. పగిలినా, తడిసినా వర్తించదు, ముందే చెబుతున్నాం."

తొందర లేకుండా చదివితే ముప్పై సెకన్లలో సరిగ్గా సరిపోతుంది. ఆరు మూడైంది ఎందుకంటే, మాకు భాగాలు సరఫరా చేసేవారు మాకిచ్చే హామీ అంతే. దాన్ని మించినదంతా షాపు చేతి నుంచి పోయేదే. ఈ అంకెను ఎవరికి వారు తమ సరఫరాదారును అడిగి వేసుకోవాలి.

లోటు లేకపోలేదు. బోర్డు పని వాక్యం చెవికి బరువుగా ఉంటుంది, దారినపోతూ వినేవాళ్ళకు ఎక్కదు. వాళ్ళకోసం పదిహేను సెకన్ల పాఠం వేరే పెట్టుకున్నాం. అందులో గడువు వాక్యాలు రెండూ తీసేశాం, అవి ఎలాగూ ఫోనులో అడిగే సంగతులే. పాత భాగం మాట, "వేసిన భాగానికి" అన్న మాట, చివరి మినహాయింపు మాత్రం అలాగే ఉంచాం.